గుడ్ మార్నింగ్ ఎవరి గడియారం ప్రకారం?

క్లుప్తంగా: ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునేవారికి ఇద్దరికీ ఒకటే టైమ్ కాబట్టి ‘గుడ్ మార్నింగ్’ అనే పలకరింపుతో ఏ ఇబ్బందీ ఉండదు. మనుషులు వేర్వేరు టైమ్ జోన్లలో ఉన్నప్పుడు, రాసేవేళ ఒకటి, చదివేవేళ ఇంకొకటి అయినప్పుడు ఆ మాట ఎవరి టైముకి చెందాలో తేలదు. ఫోన్, ఈమెయిల్, క్యాలెండర్ అంకెలన్నిటినీ ఎవరి టైముకి వారికి మార్చి చూపిస్తాయి గానీ, పలకరింపులో ఇమిడి ఉన్న టైముని మార్చవు. ఇబ్బందికి అసలు కారణం అదే.

హైదరాబాద్‌లో ఉంటూ అమెరికా, ఇంగ్లండ్ బృందాలతో పనిచేసేవారికి ఇది రోజూ ఎదురయ్యేదే. మీటింగ్ మొదలవుతుంది. ఒకరు ‘గుడ్ ఈవినింగ్’ అంటారు, అవతలివారు ‘గుడ్ మార్నింగ్’ అంటారు. మొదటివారు వెంటనే ‘సారీ, మీకు గుడ్ మార్నింగ్’ అని దిద్దుకుంటారు. లైన్లోకి వచ్చే ప్రతి కొత్త మనిషితోనూ ఇదే మళ్లీ జరుగుతుంది. దీనివల్ల ఎవరూ నొచ్చుకోరు. కానీ రోజూ ఇలా దిద్దుకోవాల్సి రావడానికి కారణం మనిషి పరధ్యానం కాదు, ఆ పలకరింపుల నిర్మాణమే.

ఒకే క్షణం, నాలుగు వేళలు

ఒక ఉదాహరణను వివరంగా చూద్దాం. ప్రతి సోమవారం భారత కాలమానం ప్రకారం రాత్రి 10 గంటలకు ఒక కాల్ ఉందనుకుందాం. హైదరాబాద్, లండన్, న్యూయార్క్, కాలిఫోర్నియాల నుంచి మనుషులు చేరతారు. భారత కాలమానం అంతర్జాతీయ ప్రామాణిక కాలం కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. జనవరిలో లండన్ ఆ ప్రామాణిక కాలంతో సమానంగా నడుస్తుంది, న్యూయార్క్ దానికి 5 గంటలు, కాలిఫోర్నియా 8 గంటలు వెనక ఉంటాయి. అంటే హైదరాబాద్‌లో రాత్రి 10 అయ్యేసరికి లండన్‌లో సాయంత్రం 4.30, న్యూయార్క్‌లో ఉదయం 11.30, కాలిఫోర్నియాలో ఉదయం 8.30 అవుతుంది.

ఈ నలుగురినీ కలిపి పలకరించడానికి ఇంగ్లిషులో వేళతో ముడిపడిన ఒక్క మాట కూడా సరిపోదు. ‘గుడ్ మార్నింగ్’ అమెరికాలోని ఇద్దరికి సరిపోతుంది. లండన్ మనిషి ఆ వేళకి ‘గుడ్ ఆఫ్టర్‌నూన్’ అంటారు. హైదరాబాద్ మనిషికి ఈ రెండూ కుదరవు.

ఇక్కడ భాషా అలవాటు మరో చిక్కు తెస్తుంది. తెలుగువారికి నాలుగున్నర అంటే సాయంత్రమే. మధ్యాహ్నం అనే మాట మూడింటితోనే దాదాపు అయిపోతుంది. ఇంగ్లండ్‌లో సామాన్యంగా ఐదు, ఐదున్నర దాకా ఆఫ్టర్‌నూన్ కిందే లెక్క. కాబట్టి లండన్‌లో టైమెంతో సరిగ్గా లెక్కగట్టిన హైదరాబాద్ ఉద్యోగి కూడా ‘గుడ్ ఈవినింగ్’ అనే అవకాశం ఎక్కువ. లెక్క తప్పలేదు. తేడా అంతా రోజుని ఎక్కడ ముక్కలు చేస్తారన్న దగ్గర ఉంది. మధ్యాహ్నం 12 మాత్రం గట్టి సరిహద్దు, ఎందుకంటే గడియారం మీద ఏఎం పోయి పీఎం వచ్చేది అక్కడే. మిగిలిన హద్దులన్నీ అలవాటు మీద నడిచేవే. వాటి గురించి కచ్చితమైన నియమం వెతకడం వృథా.

రాత్రి పూట పలకరించే మాటే లేదు

అదే కాల్‌లో హైదరాబాద్ మనిషి పరిస్థితి ఇంకా విచిత్రం. ఆయనకి రాత్రి 10 అయింది. అయినా ఆయన్ని ‘గుడ్ నైట్’ అని పలకరించలేరు. ఇంగ్లిషులో గుడ్ మార్నింగ్, గుడ్ ఆఫ్టర్‌నూన్, గుడ్ ఈవినింగ్ అనే మూడూ కలిసినప్పుడు అనేవి. గుడ్ నైట్ విడిపోయేటప్పుడు అనేది. పేర్లు చూస్తే నాలుగూ ఒకే వరసలో ఉన్నట్టు కనిపిస్తాయి గానీ వాటి పనులు వేరు. రాత్రి పదికి లైన్లోకి వచ్చిన మనిషికి గుడ్ నైట్ చెప్తే ఇక వెళ్లిపొమ్మన్నట్టే ఉంటుంది.

అందుకని గుడ్ ఈవినింగ్‌నే రాత్రి 11 దాకా లాగుతారు. అర్ధరాత్రి 1 గంటకి మొదలయ్యే కాల్‌లో అదీ అతకదు, గుడ్ మార్నింగ్ అంటే మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది. ఒకప్పుడు ఆ వేళకి అపరిచితులు ఒకరినొకరు పలకరించుకోవాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు, కాబట్టి ఆ ఖాళీ ఎవరికీ కనిపించలేదు. నైట్ షిఫ్టులు, ఖండాంతర కాల్స్ వచ్చాక బయటపడింది. ఈ ఖాళీ బరువు రెండు వైపులా సమానంగా పడదు. అమెరికా ఆఫీసు వేళలకి తగ్గట్టు కాల్ పెట్టినంతకాలం రాత్రి మేలుకునేది భారత్ వైపు వాళ్లే. కాబట్టి సరైన పలకరింపు దొరకనిది కూడా ఎక్కువసార్లు వారికే.

మార్చి రెండో ఆదివారం ఏం జరుగుతుంది

పైన చెప్పుకున్న నాలుగు ఊళ్ల లెక్క ఏడాదంతా అలాగే ఉంటే జనం దాన్ని ఒకసారి కంఠతా పట్టి మరిచిపోయేవారు. అది మారుతుంది. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకి జరుపుతాయి, నవంబర్ మొదటి ఆదివారం తిరిగి వెనక్కి జరుపుతాయి. 2007 నుంచి ఈ తేదీలే అమల్లో ఉన్నాయి. బ్రిటన్ మాత్రం మార్చి చివరి ఆదివారం జరిపి, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి తెస్తుంది. భారత్ అసలు జరపదు.

2026లో అమెరికా మార్పు మార్చి 8న, బ్రిటన్ మార్పు మార్చి 29న పడ్డాయి. మన సోమవారం కాల్‌నే తీసుకుంటే, మార్చి 2న హైదరాబాద్‌లో రాత్రి 10 అయినప్పుడు న్యూయార్క్‌లో ఉదయం 11.30. మార్చి 9న అదే రాత్రి 10కి న్యూయార్క్‌లో మధ్యాహ్నం 12.30. గట్టి సరిహద్దు అని పైన చెప్పుకున్న 12 గంటల గీతని ఆ కాల్ దాటేసింది. హైదరాబాద్ వైపు ఏమీ మారలేదు. అదే కుర్చీ, అదే టైమ్, అవతల అదే మనిషి. కానీ నిన్నటి వారం దాకా సరిగ్గా ఉన్న ‘గుడ్ మార్నింగ్’ ఈ వారం తప్పయింది.

లండన్ ఇంకా పాత టైములోనే ఉంది కాబట్టి అక్కడ మూడు వారాలు 4.30 గానే సాగి, మార్చి 30 నుంచి 5.30 అవుతుంది. అప్పుడు గుడ్ ఆఫ్టర్‌నూన్ పోయి గుడ్ ఈవినింగ్ వస్తుంది. ఒక్క నెలలో ఒకే కాల్‌కి పలకరింపులు రెండుసార్లు, రెండు వేర్వేరు ఊళ్లకి, వేర్వేరు వారాల్లో మారాయన్నమాట. అరిజోనాలోని ఫీనిక్స్ నుంచి కూడా ఒకరు చేరితే వారికి ఏదీ మారదు. ఆ నగరం గడియారాలను జరపదు, ఎప్పుడైనా మనకంటే పన్నెండున్నర గంటలు వెనకే.

టీముల్లో మార్చి రెండో వారంలో, నవంబర్ మొదటి వారంలో పలకరింపుల తడబాటు ఎక్కువ కావడానికి కారణం ఇదే. దీన్ని గుర్తుపట్టడం కూడా తేలిక. మీటింగ్ ఆహ్వానం ఏ ఊరి టైముకి కట్టి ఉందో చూస్తే చాలు. హైదరాబాద్ టైముకి కట్టి ఉంటే అవతలివారి పలకరింపు మారుతుంది. డాలస్ ఉదయం 9కి కట్టి ఉంటే వారి గుడ్ మార్నింగ్ ఏడాదంతా పదిలం, హైదరాబాద్ వైపు కాల్ చలికాలంలో రాత్రి 8.30కి, వేసవిలో 7.30కి పడుతుంది.

రాసిన పలకరింపు ఇంకా కష్టం

ఫోన్‌లో చిక్కు రెండు గడియారాల మధ్యే. ఈమెయిల్‌లో మూడోది కూడా తోడవుతుంది: చదివేవేళ. అది రాసేవారికి ముందుగా తెలియదు.

హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఒక మెయిల్ వెళ్లిందనుకుందాం. మెయిల్ లోపలి వివరాల్లో పంపిన టైమ్ ఇలా ఉంటుంది:

```
Date: Mon, 12 Jan 2026 20:40:00 +0530
```

చివర ఉన్న `+0530` వల్ల ఇది ఏ ప్రాంతపు 8.40 అన్నది మెయిల్ ప్రోగ్రాముకి తెలుస్తుంది. డాలస్‌లోని మనిషి ఆ మెయిల్ తెరిచినప్పుడు స్క్రీన్ మీద ఉదయం 9.10 అని కనిపిస్తుంది. యంత్రం తన పని సరిగ్గా చేసింది. కానీ కింద మొదటి లైన్లో ‘గుడ్ ఈవినింగ్’ అని ఉంది. అది యంత్రం కళ్లకి మామూలు అక్షరాలు మాత్రమే. ఉదయం 9.10కి వచ్చిన మెయిల్ గుడ్ ఈవినింగ్ అంటుంటే చదివేవారికి క్షణం తికమక కలుగుతుంది. అంకెలు మారి, మాట మారకపోవడమంటే ఇదే.

పంపేవారు జాగ్రత్తపడి, అవతల పొద్దున్నే కదా అని ‘గుడ్ మార్నింగ్’ రాశారనుకుందాం. డాలస్ మనిషి వరస మీటింగుల్లో ఉండి మధ్యాహ్నం 2 గంటలకి తెరిచారు. మళ్లీ తప్పే. పైగా ఆ మెయిల్‌ని వారు మరునాడు బెంగళూరులోని ఇంకొకరికి ఫార్వర్డ్ చేస్తే, ఆ పలకరింపు ఎవరి పొద్దుకి సంబంధించిందో ఎవరికీ పట్టదు. మెయిల్‌లో టైముతో ముడిపడిన పలకరింపు ఎంత ఆలోచించి రాసినా నిలవదని దీన్నిబట్టి చెప్పవచ్చు.

పాత తెలుగు ఉత్తరాలు ఈ గొడవలో పడలేదు. ‘ఉభయకుశలోపరి’, ‘ఇక్కడ మేమంతా క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను’ అన్న మాటల్లో ఉదయమూ లేదు, సాయంత్రమూ లేదు. ఉత్తరం మూడో రోజు చేరుతుందో పదో రోజు చేరుతుందో రాసేవారికి తెలియదు కాబట్టి వేళతో పనిలేని పలకరింపు స్థిరపడింది. ఈమెయిల్ క్షణాల్లో చేరుతుంది కాబట్టి ఎదురుగా మాట్లాడుతున్న భావన కలిగి, మాట్లాడే పలకరింపులు అందులోకి వచ్చేశాయి. కానీ చేరడం వేరు, చదవడం వేరు. చదివేవేళ విషయంలో ఈమెయిల్ ఇంకా ఉత్తరమే.

ఒక మేరకు పనికొచ్చే ఉపాయం ఒకటుంది. మెయిల్‌ని ఇప్పుడే రాసి, అవతలివారి ఉదయానికి చేరేలా షెడ్యూల్ చేయడం. జీమెయిల్‌లో 2019 నుంచి ఈ సదుపాయం ఉంది. ఆఫీసు చాట్ యాప్ స్లాక్‌లో కూడా ఉంది, అక్కడైతే అవతలి మనిషి ప్రొఫైల్‌లో వారి స్థానిక టైమ్ కూడా కనిపిస్తుంది. దీనివల్ల చేరేవేళ చేతుల్లోకి వస్తుంది. చదివేవేళ మాత్రం ఎప్పటికీ చదివేవారిదే.

శనివారం శుభోదయం శుక్రవారం రాత్రి చేరితే

వాట్సాప్‌లో పొద్దున్నే పంపే శుభోదయం బొమ్మలు మన దేశంలో ఎంతగా పెరిగాయంటే, అవి ఫోన్లలో చోటు తినేస్తున్నాయని గూగుల్ గమనించి, వాటిని ఏరి తొలగించే సదుపాయాన్ని తన ఫైల్స్ యాప్‌లో చేర్చింది. 2018 జనవరిలో ఇది వార్తల్లోకి వచ్చింది. ఈ బొమ్మలకి టైమ్ జోన్ తెచ్చే చిక్కు గంటలతో ఆగదు, రోజు కూడా మారిపోతుంది.

గుంటూరులో శనివారం ఉదయం 6 గంటలకి పెద్దాయన ఒకరు వేంకటేశ్వరస్వామి బొమ్మ, దాని మీద ‘శుభ శనివారం’ ఉన్న సందేశాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టారనుకుందాం. చలికాలమైతే న్యూజెర్సీలోని కూతురి ఫోన్‌లో అది శుక్రవారం రాత్రి 7.30కి మోగుతుంది. సందేశం పక్కన వాట్సాప్ చూపేది ఆమె ఫోన్ టైమే. ఆమెకి శనివారం ఇంకా మొదలే కాలేదు. అదే గ్రూపులో మెల్‌బోర్న్‌లో ఉన్న కొడుకు తన ఉదయం 6కి శుభోదయం పెడితే, జనవరిలో అది గుంటూరులో రాత్రి 12.30కి మోగుతుంది. అమెరికాకి వెళ్లే శుభోదయం ముందురోజు సాయంత్రం దిగితే, ఆస్ట్రేలియా నుంచి వచ్చేది నిద్ర మధ్యలో దిగుతుంది.

గల్ఫ్‌లో ఉన్నవారితో ఈ గొడవ దాదాపు లేదు. దుబాయ్ మనకంటే గంటన్నర, కువైట్, ఖతార్, సౌదీ రెండున్నర గంటలు మాత్రమే వెనక. ఆ దేశాలు గడియారాలు కూడా జరపవు. నిజామాబాద్‌లో ఉదయం 8 అయితే దుబాయ్‌లో 6.30, రెండు చోట్లా పొద్దే. మధ్యాహ్నం 12కి, సాయంత్రం మొదలయ్యే వేళకి అటూఇటూ తప్ప పలకరింపు పెద్దగా తేడా రాదు. అంటే ఇబ్బంది దూరాన్నిబట్టి రాదు. తేడా ఎన్ని గంటలు, ఆ గంటలు ఏ హద్దుని దాటుతున్నాయి అన్నదాన్నిబట్టి వస్తుంది. కాలిఫోర్నియాతో పన్నెండున్నర, పదమూడున్నర గంటల తేడా కాబట్టి అక్కడ పలకరింపు తప్పని వేళంటూ దాదాపు ఉండదు.

జనం వెతుక్కున్న దారులు

కాల్ సెంటర్లు ఈ ప్రశ్నని ముందే తేల్చేశాయి: వినేవారి గడియారమే లెక్క. గచ్చిబౌలిలో రాత్రి 9 దాటాక హెడ్‌సెట్ పెట్టుకున్న ఉద్యోగి అమెరికా కస్టమర్‌కి గుడ్ మార్నింగే చెప్తారు. అమెరికా చట్టం కూడా ఇదే పద్ధతిలో ఆలోచిస్తుంది. అమ్మకాల కోసం చేసే ఫోన్లు, ఫోన్ అందుకునేవారి స్థానిక కాలం ప్రకారం ఉదయం 8కి ముందు, రాత్రి 9 తర్వాత చేయకూడదు.

ఇందులో తప్పు దొర్లే చోటు ఒకటుంది. నంబర్లోని ఏరియా కోడ్ చూసి కస్టమర్ ఊరిని ఊహించడం. న్యూయార్క్ 212 నంబరుతో కాలిఫోర్నియాకి మకాం మార్చినవారు పాత నంబరే వాడుకోవచ్చు. న్యూయార్క్ మధ్యాహ్నం 1 గంట అనుకుని గుడ్ ఆఫ్టర్‌నూన్ చెప్తే, అవతల ఇంకా ఉదయం 10.

వినేవారు ఒక్కరే అయితే ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. ఎక్కువమంది ఉంటే పనిచేయదు. భారత కంపెనీలు త్రైమాసిక ఫలితాల మీద ఇన్వెస్టర్లతో జరిపే కాన్ఫరెన్స్ కాల్స్‌లో ఆపరేటర్ సాధారణంగా ‘లేడీస్ అండ్ జెంటిల్మెన్, గుడ్ డే’ అని మొదలుపెట్టడం వినిపిస్తుంది. మన మామూలు మాటల్లో పెద్దగా వాడని ‘గుడ్ డే’ అక్కడ నిలిచిపోవడానికి కారణం, ముంబై నుంచి న్యూయార్క్ దాకా వినేవారెవరికీ అది తప్పు కాకపోవడం. కొందరు వక్తలు మార్నింగ్, ఆఫ్టర్‌నూన్, ఈవినింగ్ మూడూ వరసగా చదివేస్తారు. అది ఎవరినీ వదలదు, కానీ ఎవరినీ పలకరించినట్టూ అనిపించదు. చిన్న బృందంలో అంతకంటే ‘హాయ్, అందరికీ నమస్కారం’ నయం.

ఇంటర్నెట్ చాట్ గదుల్లో పాతకాలం వారు మరీ ధైర్యమైన పరిష్కారం కనిపెట్టారు. దాన్ని యూనివర్సల్ గ్రీటింగ్ టైమ్, పొట్టిగా యూజీటీ అంటారు. ఎవరు ఎప్పుడు చాట్‌లోకి వచ్చినా వారికి అది ఉదయమే, ఎప్పుడు వెళ్లినా అది రాత్రే. గడియారాన్ని పూర్తిగా పక్కనపెట్టి, రాకపోకలనే వేళలుగా తీసుకున్నారు. ఒప్పందం తెలిసినవారి మధ్య ఇది చక్కగా నడుస్తుంది, కొత్తవారికి మాత్రం ఎవరో ఒకరు వివరించాల్సి వస్తుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఇంకో దారి పట్టింది. అది రోజుకి దాదాపు 16 సార్లు భూమిని చుట్టేస్తుంది కాబట్టి వ్యోమగాములు అన్నిసార్లు సూర్యోదయం చూస్తారు. కిటికీ చూసి పలకరించడం కుదరదు. అందుకని కేంద్రం మొత్తం గ్రీన్‌విచ్ కాలాన్నే తన టైముగా పెట్టుకుంది. చలికాలంలో అక్కడ ఉదయం 7.30 అయితే హ్యూస్టన్ కంట్రోల్ రూములో అర్ధరాత్రి దాటి 1.30, జపాన్‌లోని త్సుకుబా కేంద్రంలో సాయంత్రం 4.30. అయినా గడియారం ముందే ఒప్పుకున్నది కాబట్టి ‘ఉదయం’ అంటే ఏ ఉదయమో ఎవరూ అడగక్కర్లేదు.

ఇళ్ల మధ్య ఫోన్లు

విదేశాల్లో పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఈ ఒప్పందాలేవీ లేకుండానే పని జరిగిపోతోంది. ఫోన్ ఎత్తగానే గుడ్ మార్నింగ్ అనుకునే అలవాటు మన ఇళ్లలో తక్కువ. మొదట వచ్చే మాట ‘ఏరా, అక్కడ టైమెంతయింది?’ లేదా ‘తెల్లారిందా మీకు?’. పలకరింపు రావాల్సిన చోట ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది. అది అవతలివారి గడియారాన్ని ఊహించదు, అడిగి తెలుసుకుంటుంది. ‘పొద్దున్న ఏడున్నరమ్మా’ అని జవాబు వచ్చాక ‘టిఫిన్ తిన్నావా’ అనాలో ‘భోజనం చేశావా’ అనాలో దానంతటదే తేలిపోతుంది. మార్చిలో గంట మారినా ఈ పద్ధతి చెడదు, ఎందుకంటే పాత లెక్కని గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు.

ఆఫీసు కాల్‌లో ప్రతి ఒక్కరినీ ఇలా అడగడం కుదరకపోవచ్చు. ఇద్దరే ఉన్న కాల్‌లో ‘హలో, మీకిప్పుడు ఎంతయింది?’ అని మొదలుపెట్టడానికి అడ్డేమీ లేదు. అవతలివారు రాత్రి 11 దాటిందని చెప్తే, కాల్ త్వరగా ముగించాలా, వేరే రోజుకి మార్చాలా అన్నది కూడా అక్కడే తేల్చుకోవచ్చు.